రిపోర్టులో ‘ఇడియోపతిక్’ అని రాశారు: పేషెంట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జబ్బు పేరు ముందు ‘ఇడియోపతిక్’ అని చూడగానే చాలామందికి ఒకటే అనిపిస్తుంది: ‘నాకేమైందో వీళ్లకే తెలీదు.’ ఆ భయంతో వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఈ మాట పదుల కొద్దీ జబ్బుల పేర్లలో ఉంటుంది. అన్నిటి గురించీ పైపైన చెప్పడం కన్నా ఒక్కదాన్ని పట్టుకుని లోతుగా చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అందుకే ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. పుర్రె లోపల, మెదడు చుట్టూ ఉండే నీటి ఒత్తిడి పెరిగిపోయే జబ్బు ఇది. దీన్ని పొట్టిగా ఐఐహెచ్ అంటారు. మీ రిపోర్టులో ఉన్నది వేరే జబ్బయినా ఇక్కడి తర్కం చాలావరకు దానికీ వర్తిస్తుంది.

ఇడియోపతిక్ అంటే అసలు అర్థం ఏంటి?

ఈ జబ్బు మీలో ఎందుకు మొదలైందో చెప్పగలిగే కారణం దొరకలేదని అర్థం. అంతకు మించి ఆ మాట ఏమీ చెప్పదు. జబ్బు తీవ్రంగా ఉందా, తేలికగా ఉందా, తగ్గుతుందా, మందు ఉందా అన్న సంగతులేవీ అందులో ఉండవు. వాటి కోసం పేరులోని మిగతా భాగాన్ని చూడాలి. ఐఐహెచ్‌లో ‘ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్’ అన్నదే మీ జబ్బు. ‘ఇడియోపతిక్’ అన్నది దాని పుట్టుక గురించి పెట్టిన గమనిక మాత్రమే.

అంటే డాక్టరుకు నా జబ్బేంటో తెలియలేదనే కదా?

కాదు. ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఒంట్లో ఏం జరుగుతోంది? రెండు, అది ఏ దారిలో నష్టం చేస్తోంది? మూడు, అసలు ఎందుకు మొదలైంది? ఇడియోపతిక్ అన్న మాట తెలియదని ఒప్పుకునేది మూడో దాని గురించే.

ఐఐహెచ్‌లో మొదటి రెండిటికీ జవాబులు బాగానే తెలుసు. మెదడు చుట్టూ ఉండే నీరు పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజంతా కలిపి తయారయ్యేది మాత్రం దాదాపు 500 మిల్లీలీటర్లు. అంటే ఒక పక్క నీరు వచ్చి చేరుతూ ఉంటే, ఇంకో పక్క పాతది రక్తంలోకి ఇంకిపోతూనే ఉండాలి. ఒక వైపు పంపు, ఇంకో వైపు కాలువ ఉన్న తొట్టి అనుకోండి. రాకపోకల లెక్క తప్పితే ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడి కంటి నరం చుట్టూ ఉన్న పొరలోకి కూడా పాకి, కంటి వెనక నరం మొదలును ఉబ్బిస్తుంది. ఆ వాపునే పాపిలెడిమా అంటారు. తలనొప్పి, ఉన్నట్టుండి కొన్ని సెకన్లు చూపు మసకబారడం, నాడి కొట్టుకున్నట్టు చెవిలో ‘హుష్ హుష్’ మని వినపడడం, వస్తువులు పక్కపక్కన రెండుగా కనపడడం ఇవన్నీ ఆ ఒత్తిడి వల్ల వచ్చేవే.

ఈ మనిషిలో, ఈ ఏడాదిలో ఆ లెక్క ఎందుకు తప్పిందన్నదే తేలని సంగతి.

అలా అయితే పరీక్షలు సరిగ్గా చేయకుండానే ఆ మాట రాసేశారేమో?

ఆ అనుమానం తప్పేం కాదు. అయితే సరిగ్గా వాడినప్పుడు ఇది పరీక్షలకు ముందు రాసే మాట కాదు, పరీక్షలన్నీ అయ్యాక మిగిలే మాట. ఎలా మిగులుతుందో ఒక ఊహాజనితమైన కేసులో చూద్దాం.

ఆమెకు 27 ఏళ్లు. మూడు నెలలుగా తలనొప్పి. గత ఏడాదిలో 9 కిలోలు బరువు పెరిగింది. వంగి లేచినప్పుడు కళ్ల ముందు బూడిద రంగు తెర పడి, కొన్ని సెకన్లలో తొలగిపోతోంది. రాత్రి పడుకుంటే చెవిలో చప్పుడు. కళ్లజోడు మార్చాలేమోనని కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, రెండు కళ్లలోనూ నరం ఉబ్బి ఉందని తేలింది. ఇక్కడి నుంచి ఒక్కొక్క అనుమానితుణ్ణీ పిలిచి పంపించేయడం మొదలవుతుంది.

మొట్టమొదట బీపీ చూస్తారు. మామూలు బీపీ విపరీతంగా పెరిగినా కంటి నరం ఇలాగే ఉబ్బుతుంది, పైగా అది అత్యవసర పరిస్థితి. ఆమెది 124/80. ఆ అనుమానం పోయింది.

తర్వాత మెదడు ఎంఆర్ఐ. గడ్డ లేదు, నీరు నిలిచి మెదడు లోపలి గదులు పెద్దవి కాలేదు, పొరల్లో వాపు లేదు. అయితే కనుగుడ్ల వెనక భాగం కాస్త చదునుగా అయింది, పిట్యూటరీ గ్రంథి నొక్కుకుపోయినట్టు ఉంది. ఇవి ఒత్తిడి ఎక్కువగా ఉందనడానికి ఆనవాళ్లే, కొత్త జబ్బులు కావు. రిపోర్టులో ఈ వాక్యాలు చదివి హడలిపోయేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

దాంతోపాటే వెనోగ్రఫీ. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తీసుకుపోయే పెద్ద సిరల బొమ్మ ఇది. ఆ సిరల్లో రక్తం గడ్డకడితే లక్షణాలు అచ్చం ఐఐహెచ్‌లాగే ఉండవచ్చు, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. రక్తాన్ని పలచబరిచే మందులు వెంటనే మొదలుపెట్టాలి. అందుకే, నా ఉద్దేశంలో, ఈ వరసలో దాటేయకూడని పరీక్ష ఇదే. వెనోగ్రఫీ చేయకుండా ‘ఇడియోపతిక్’ అని రాసి ఉంటే ఎందుకు చేయలేదని మొహమాటం లేకుండా అడగండి. ఆమెకు గడ్డ లేదు. సిర ఒకచోట సన్నబడి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ తర్వాత నడుం దగ్గర సన్నటి సూది పెట్టి వెన్నునీటి ఒత్తిడి కొలిచారు. 34 సెంటీమీటర్లు వచ్చింది. పెద్దవాళ్లలో 25, ఆపైన ఉంటే ఎక్కువ కింద లెక్క. తీసిన నీటిలో కణాలు, ప్రోటీన్, గ్లూకోజ్ మామూలుగా ఉన్నాయి కాబట్టి ఇన్‌ఫెక్షన్, క్యాన్సర్ కణాలు వంటి అనుమానాలు కూడా పోయాయి. రక్తపరీక్షలో తీవ్రమైన రక్తహీనత లేదు, కిడ్నీలు బాగున్నాయి.

చివరిది మందుల చిట్టా. చూడ్డానికి చిన్నదే కానీ కేసులు తలకిందులయ్యేది ఇక్కడే. మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్, ఐసోట్రెటినాయిన్, మోతాదు మించిన విటమిన్ ఎ, చాన్నాళ్లు వాడిన స్టెరాయిడ్లను ఉన్నట్టుండి ఆపేయడం, ఇవన్నీ ఇదే ఒత్తిడిని తెప్పించగలవు. ఆమె అలాంటివేవీ వాడలేదు. అన్నీ పోగా మిగిలిన పేరు ఐఐహెచ్.

ఇదే కేసులో ఒక్క వివరం మార్చి చూడండి. ఆమె రెండు నెలలుగా మొటిమలకు మినోసైక్లిన్ వేసుకుంటోంది. ‘అది చర్మానికి కదా, తలనొప్పికి దానికీ సంబంధమేంటి’ అనుకుని చెప్పలేదు. అప్పుడు రిపోర్టులో ఇడియోపతిక్ అని ఉంటుంది, కానీ అది తప్పు. అది మందు వల్ల వచ్చిన ఒత్తిడి. ఆ మందు ఆపడమే వైద్యంలో మొదటి మెట్టు అయ్యేది. స్కాన్లు, సూదులు పట్టుకోలేని కారణాన్ని ఒక మందుచీటీ పట్టిస్తుంది.

వెన్నునీటి ఒత్తిడి నంబరును ఎంతవరకు నమ్మొచ్చు?

కొలిచిన తీరును బట్టి. పక్కకు తిరిగి పడుకుని, కాళ్లు కాస్త వదులు చేసి, మామూలుగా ఊపిరి తీసుకుంటున్నప్పుడు చూసిన నంబరే లెక్కలోకి వస్తుంది. కూర్చోబెట్టి కొలిస్తే ఎక్కువ వస్తుంది. నొప్పికి బిగుసుకుపోయినా, మోకాళ్లు పొట్టకు గట్టిగా నొక్కుకుని ఉన్నా, ఊపిరి బిగబట్టినా పెరుగుతుంది. 34 లాంటి అంకె మీద పెద్దగా వాదన ఉండదు. 26 వచ్చి, కంటి నరంలో వాపు మాత్రం లేకపోతే, ఆ ఒక్క నంబరు మీద జబ్బు పేరు ఖాయం చేసుకోకూడదు. కొందరికి కంటి నరం పుట్టుకతోనే ఉబ్బినట్టు కనిపిస్తుంది. దాన్ని వాపుగా పొరబడి ఐఐహెచ్ ముద్ర వేయడం కూడా జరుగుతుంటుంది. ఈ విషయంలో అనుభవమున్న కంటి డాక్టరు అభిప్రాయం చాలా అవసరం.

కారణమే తెలియనప్పుడు మందు దేనికి ఇస్తున్నట్టు?

జరుగుతున్న నష్టాన్ని ఆపడానికి. పైన చెప్పిన తొట్టిలో కాలువ ఎందుకు మందగించిందో తెలియకపోయినా పంపును తగ్గించొచ్చు కదా. అసెటజోలమైడ్ అనే బిళ్ల చేసేది అదే, నీటి తయారీని తగ్గిస్తుంది. సాధారణంగా 250 లేదా 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, కంటి పరిస్థితిని బట్టి మెల్లగా పెంచుతారు. చూపు కొంతవరకు దెబ్బతిన్న ఐఐహెచ్ పేషెంట్ల మీద చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. 165 మంది పాల్గొన్నారు. అందరికీ బరువు తగ్గే ఆహార నియమం పెట్టి, సగం మందికి ఈ మందు, మిగతా సగానికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. ఆరు నెలలకు మందు వాడినవాళ్ల చూపు పరిధి ఎక్కువ మెరుగైంది. ఆ 165 మందిలో ఎవరికీ జబ్బు మూలకారణం తెలియదు, అయినా మందు పనిచేసింది.

వేళ్ల చివర్లు, పెదాలు తిమ్మిరెక్కడం, సోడా లాంటి గ్యాస్ పానీయాల రుచి చేదుగా మారడం ఈ మందుతో మామూలే. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉన్నా, గర్భం ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా మాత్రం ముందే చెప్పాలి.

చూపు వేగంగా పడిపోతుంటే మందులతో ఆగరు. కంటి నరం చుట్టూ ఉన్న పొరకు చిన్న కోత పెట్టడమో, గొట్టం అమర్చి నీటిని దారి మళ్లించడమో చేస్తారు. ఆ నిర్ణయం కూడా చూపు ఎంత దెబ్బతింది, ఎంత వేగంగా తగ్గుతోంది అన్నవాటిని బట్టే ఉంటుంది. మూలకారణం తెలియకపోవడం దానికి అడ్డం రాదు.

బరువు వల్లే వచ్చిందని డాక్టరు అన్నారు. మరి ఇడియోపతిక్ అని ఎందుకు రాశారు?

ఇది చాలా మంచి ప్రశ్న. ఐఐహెచ్ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో ఉన్న, బరువు ఎక్కువగా ఉన్న లేదా ఈమధ్యే పెరిగిన ఆడవాళ్లకు వస్తుంది. బరువు తగ్గితే ఒత్తిడి తగ్గుతుందనీ రుజువైంది. మొదటి బరువులో ఓ 5 నుంచి 15 శాతం తగ్గితే చాలామందిలో స్పష్టమైన తేడా కనిపిస్తుంది. అయినా దాన్ని కారణం అనరు. ఎందుకంటే అంతే బరువున్న ఆడవాళ్లలో చాలా ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. బరువు అవకాశాన్ని పెంచుతోంది, కానీ ఫలానా మనిషిలో దాన్ని మొదలుపెట్టింది ఏమిటో బరువొక్కటే చెప్పలేదు. కొవ్వు కణజాలం నుంచి వచ్చే హార్మోన్ల పాత్ర మీద పరిశోధనలు నడుస్తున్నాయి.

సన్నబడ్డ సిర సంగతి కూడా ఇలాంటిదే. ఐఐహెచ్ ఉన్న చాలామందిలో అది కనిపిస్తుంది. సిర సన్నబడడం వల్ల నీరు ఇంకక ఒత్తిడి పెరిగిందా, పెరిగిన ఒత్తిడే సిరను బయటి నుంచి నొక్కి సన్నబరిచిందా? వెన్నునీరు తీసి ఒత్తిడి తగ్గించగానే కొందరిలో సిర తిరిగి విచ్చుకుంటుంది. కాబట్టి కనీసం వాళ్లలో అది ఫలితమేనని చెప్పొచ్చు. అందరికీ అదే వర్తిస్తుందని చెప్పలేం.

నేను చేసిన తప్పు వల్ల వచ్చిందా?

కాదు. బరువు తగ్గమన్నారంటే అది వైద్యంలో భాగమే, మీ మీద నేరం మోపడం కాదు.

ఇంకా పరీక్షలు చేయిస్తే కారణం దొరుకుతుంది కదా?

కొన్నిసార్లు దొరుకుతుంది, చాలాసార్లు దొరకదు. వరసగా చేయాల్సినవి చేశాక, ఒళ్లంతా స్కాన్ చేయించుకుంటూ పోతే బయటపడేవి ఎక్కువగా ఈ జబ్బుతో సంబంధం లేని చిన్నచిన్న గడ్డలు, నీటి తిత్తులు. వాటి వెంటపడి ఇంకో ఆరు నెలలు భయంలో గడుస్తాయి.

అయితే మళ్లీ వెతకాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. ఐఐహెచ్ అని చెప్పిన మనిషి మగవాడైనా, సన్నగా ఉన్నా, నడివయసు దాటినా, చిన్నపిల్ల అయినా జబ్బు మామూలు ధోరణిలో లేదన్నమాట. అప్పుడు మందులు, రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగడం, సిరల్లో గడ్డ ఇవన్నీ ఇంకాస్త పట్టుదలగా చూస్తారు. జ్వరం, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, ఒక చెయ్యో కాలో బలహీనపడడం లాంటివి కనిపిస్తే ఆ పేరును పక్కన పెట్టి మొదటి నుంచి రావాల్సిందే. ఐఐహెచ్ మామూలుగా అలాంటి లక్షణాలను తెప్పించదు.

ప్రైమరీ, క్రిప్టోజెనిక్, ఎసెన్షియల్ అన్నవి కూడా ఇదేనా?

దాదాపు ఒక కుటుంబమే, చిన్న తేడాలున్నాయి. కోట్లమందికి ఉండే మామూలు బీపీని ‘ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్’ అంటారు. అక్కడా ఒక్క కారణమంటూ చూపించలేం. దానికి ఏళ్ల తరబడి మందు వేసుకునేవాళ్లలో ‘కారణం తెలియని జబ్బు’ అని భయపడేవాళ్లను నేనైతే చూడలేదు. పేరు అలవాటైపోయింది, అంతే.

ఇడియోపతిక్ అంటే ‘అంతా మనసులోనే ఉంది’ అని మర్యాదగా చెప్పడమా?

కానే కాదు. కంటి నరం వాపు, సూది చివర కొలిచిన 34 మనసు పుట్టించేవి కావు.

ఈ ‘తెలియదు’ ఎప్పటికీ తెలియకుండానే ఉండిపోతుందా?

చాలా జబ్బుల్లో అలా ఉండిపోలేదు. బాగా తెలిసిన కథ ఐటీపీది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఒంటి మీద ఎర్రటి చుక్కలు, కమిలిన మచ్చలు వచ్చే జబ్బు అది. అందులో మొదటి అక్షరం ఒకప్పుడు ఇడియోపతిక్‌దే. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు, ఆ జబ్బున్న పేషెంటు రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి, కొన్ని రోజులకు కోలుకున్నాడు. ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోని పని. ఆ పనితోనే ప్లేట్‌లెట్లను నాశనం చేసేదేదో పేషెంటు రక్తంలోనే ఉందని తేలింది. అవి ఒంట్లోని రక్షణ వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలని తర్వాత స్పష్టమైంది. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం జబ్బు పేరును ‘ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా’గా మార్చమంది. పొట్టి పేరు ఐటీపీ అలాగే ఉండిపోయింది. కొన్ని రిపోర్టుల్లో పాత పేరు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇందులో ఇంకో సంగతుంది. ఆ యాంటీబాడీలు ఒకరిలో ఎందుకు మొదలయ్యాయో చాలామంది ఐటీపీ పేషెంట్ల విషయంలో ఇప్పటికీ చెప్పలేరు. తెలియనిది పూర్తిగా పోలేదు, ఒక మెట్టు వెనక్కి జరిగింది. కానీ ఆ ఒక్క మెట్టు తెలియడంతోనే ఎన్నో మందులకు దారి దొరికింది.

ఇడియోపతిక్ కాబట్టి పెద్ద ప్రమాదం లేదనుకోవచ్చా?

ఆ పొరబాటు వైద్యులు కూడా చేశారు. ఐఐహెచ్‌కు ఒకప్పుడు ‘బినైన్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్’ అని పేరు. బినైన్ అంటే హాని లేనిది. గడ్డ లేదు కాబట్టి అలా అన్నారు. కానీ వైద్యం అందకపోతే కొందరికి చూపు శాశ్వతంగా పోతుంది. అందుకే ఆ మాటను వదిలేశారు.

ఇందులో మోసం ఏంటంటే, నష్టం మొదట చూపు అంచుల్లో మొదలవుతుంది. ఎదురుగా అక్షరాలు చక్కగా చదవగలుగుతారు కాబట్టి ‘నా చూపు బాగానే ఉంది’ అనుకుంటారు. అందువల్ల అక్షరాల బోర్డు పరీక్ష ఒక్కటే చాలదు. చుక్కల వెలుగు కనిపించగానే బటన్ నొక్కమనే విజువల్ ఫీల్డ్ పరీక్ష, నరం వాపును కొలిచే ఓసీటీ స్కాన్ క్రమం తప్పకుండా చేయించుకోవాలి. తలనొప్పి తగ్గినంత మాత్రాన వీటిని మానకూడదు. తలనొప్పి, కంటి వాపు ఒకే వేగంతో తగ్గాలని లేదు. వాపు పూర్తిగా పోయాక కూడా తలనొప్పి మిగిలేవాళ్లున్నారు, దానికి విడిగా మందులుంటాయి.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో ఏం అడగాలి?

‘ఎందుకొచ్చింది?’ అన్న ప్రశ్నకు జవాబు లేదని ఇప్పటికే చెప్పారు. దాని బదులు, ‘ఏయే కారణాలు చూసి లేవనుకున్నారు, ఏ పరీక్షతో?’ అని అడగండి. జవాబును కాగితం మీద రాయించుకోండి. అందులో వెనోగ్రఫీ, మందుల చిట్టా ఉన్నాయో లేదో చూసుకోండి. గత ఆరు నెలల్లో వేసుకున్న ప్రతి బిళ్ల, విటమిన్, మొటిమల మందు పేరు రాసి తీసుకెళ్లండి. డాక్టరు అడగలేదని వదిలేయకండి. విజువల్ ఫీల్డ్ పరీక్ష కాగితాలన్నీ తేదీల వరసలో ఉంచుకుంటే, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపు నిలకడగా ఉందో, జారుతోందో ఆయనకు వెంటనే తెలుస్తుంది.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎప్పుడు వెళ్లాలి?

చూపు గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో తగ్గుతున్నట్టు అనిపిస్తే. మసక సెకన్లలో తొలగిపోకుండా నిలిచిపోతే. కొత్తగా వస్తువులు రెండుగా కనిపిస్తే. తలనొప్పితో పాటు వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, జ్వరమో ఫిట్సో వచ్చినా. వీటిలో ఏది కనిపించినా అదే రోజు, రాత్రయినా సరే, కంటి డాక్టరు, న్యూరాలజిస్టు ఇద్దరూ అందుబాటులో ఉండే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి, ‘నాకు ఐఐహెచ్ ఉంది, చూపులో తేడా వచ్చింది’ అని మొదటి మాటగా చెప్పండి.